ఇరువది నాల్గవ కథలో రాజు మౌనం

భేతాళ కథలలో కడపటి ప్రశ్నకు రాజు బదులు చెప్పలేదన్న సంగతి మనలో చాలమంది మరచిపోయి ఉంటారు. అందుకు మనలను తప్పు పట్టవలసిన పని లేదు. చందమామ దశాబ్దాల తరబడి నడిపిన శీర్షికలో ప్రతి నెలా విక్రమార్కుడికి మౌనభంగం కలిగేది, శవం మళ్లీ చెట్టెక్కేది. రాజు ఒక్క నెల నోరు మెదపకపోతే శీర్షికే ముగిసిపోతుంది కదా!

పదకొండవ శతాబ్దంలో కాశ్మీరకవి సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో ఈ కథలున్నాయి. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. గోదావరీతీరాన ఉన్న ప్రతిష్ఠానం అతని నగరం. క్షాంతిశీలుడనే భిక్షువు ప్రతిదినమూ సభకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి పోతుంటాడు. ఇలా పదేళ్లు గడిచాక ఒక కోతి పండును కొరికితే లోపలినుండి రత్నం రాలుతుంది. ఇన్ని రత్నాలు ఎందుకిస్తున్నావని రాజు అడిగితే, శ్మశానంలో శింశుపా వృక్షానికి వేలాడుతున్న శవాన్ని తెచ్చిపెట్టమంటాడు భిక్షువు. శవంలో వేతాళుడున్నాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల వ్రక్కలవుతుంది. చెబితే వేతాళుడు చెట్టుకు తిరిగిపోతాడు. ఇరువది మూడు కథల వరకు రాజు చెబుతూనే ఉంటాడు, శవాన్ని మళ్లీ మళ్లీ భుజాన వేసుకుంటూనే ఉంటాడు.

ఇక ఇరువది నాల్గవ కథ. రాజ్యం పోగొట్టుకున్న ధర్ముడనే రాజు అడవిలో భిల్లుల చేతిలో మరణించగా, అతని భార్య చంద్రవతి, కూతురు లావణ్యవతి పారిపోతారు. వేటకు వచ్చిన చండసింహుడు, అతని కొడుకు సింహపరాక్రముడు వారి అడుగుజాడలు చూస్తారు. ఒక జత పెద్దది, ఒక జత చిన్నది. పెద్ద పాదాలామె వయసులోనూ పెద్దదే అయి ఉంటుందని తలచి, ఆమెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్లాడాలని ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి! ఒప్పందం ప్రకారం తండ్రికి కూతురు, కొడుకుకు తల్లి భార్యలయ్యారు. ఇరువురికీ బిడ్డలు పుట్టారు. ఆ బిడ్డలు ఒకరికొకరు ఏమవుతారు? ఇదీ ప్రశ్న.

నేను పాఠం చెప్పిన రోజులలో దీనిని నల్లబల్ల మీద విప్పి చూపేవాడిని. ఇద్దరూ మగపిల్లలే అనుకుందాం. చండసింహుని బిడ్డ సింహపరాక్రమునికి తమ్ముడు, కనుక అతని కొడుకుకు బాబాయి. సింహపరాక్రముని బిడ్డ లావణ్యవతికి తల్లి వైపు తమ్ముడు, కనుక ఆమె కొడుకుకు మేనమామ. ఇతడతనికి బాబాయి, అతడితనికి మేనమామ. లెక్క తేలిపోయింది, రాజుకు ఈ మాత్రం తట్టలేదేమని నవ్వేవాడిని.

ఆ నవ్వు పొరపాటని నాకు చాల ఆలస్యంగా తెలిసింది. వెనుకటి ప్రశ్నలలో చాలవరకు ఎవరో ఒకరిని ఎన్నుకోమనేవి. తలలు మారిన కథలో భర్త తల ఉన్న దేహమే భర్త అని తేల్చవచ్చు. ఇక్కడ ఎన్నుకోవడానికి వేరు వేరు మనుషులు లేరు. ఒక్కొక్క బిడ్డా పెద్దవాడూ చిన్నవాడూ కూడా. రెండు వరుసలూ నిజమే. సోమదేవుడు ఏ వివరాన్నీ దాచలేదు. ఎవరి పాదాలు పెద్దవో, ఎవరు ఎవరిని పెళ్లాడారో అంతా చెప్పాడు. వాటిలో ఏ ఒక్కటి దాచినా అది చదువరిని మోసగించడమే అయ్యేది. వాస్తవాలన్నీ చేతికిచ్చి తీర్పు ఒక్కటే ఆపాడు.

రాజు మౌనానికి సాక్ష్యం కూడా ఉంది. అతని తల పగలలేదు! మొదటి కథలో పెట్టిన షరతు ఇక్కడ అక్కరకు వచ్చింది. రాజుకు నిజంగానే తెలియదని మనకు రూఢి అవుతుంది. ఈ కథ మొదటనో నడుమనో వస్తే అది వట్టి పొడుపుకథే. ఇరువది మూడుమార్లు జవాబు విన్న చెవికే ఆ నిశ్శబ్దం వినబడుతుంది.

రాజు మాటాడలేదు కనుక శవం భుజం మీదనే నిలిచింది, కథ ముందుకు కదిలింది. అతని ధైర్యానికి మెచ్చిన వేతాళుడు భిక్షువు గుట్టు బయటపెడతాడు. విద్యాధరాధిపత్యం కోసం రాజునే బలి ఇవ్వాలన్నది వాడి ఎత్తు. సాష్టాంగపడమంటే, నాకు తెలియదు, నీవు చేసి చూపమని అడుగు, వాడు వంగగానే తల నరుకు అని ఉపాయం చెబుతాడు. అలాగే జరుగుతుంది. పదేళ్ల రత్నాల చిక్కు ఇక్కడ విడిపోయింది. బిడ్డల వరుస మాత్రం అలాగే ఉంది, దానిని ఎవరూ మళ్లీ ఎత్తరు. భిక్షువు ఉద్దేశం కూడా తేల్చక వదిలి ఉంటే కథ కుప్పకూలేది. పైపెచ్చు ఇరువది అయిదవదిగా లెక్కకు వచ్చేది ఈ ముగింపే. దాని చివర ప్రశ్న లేదు.

నల్లబల్ల రోజులలోనే ఒక అమ్మాయి లేచి, "లెక్క సరేనండీ, మరి ఆ పిల్లలు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు?" అని అడిగింది. గంట కొట్టారు, బతికిపోయాను.