యూట్యూబ్ స్ట్రైకు

యూట్యూబ్ స్ట్రైకు అనేది మార్గదర్శకాలను అతిక్రమించిన ఛానల్‌పై యూట్యూబ్ తీసుకొనే చర్య. సాధారణంగా తొలి తప్పుకు హెచ్చరిక మాత్రమే వస్తుంది. 2023 నుండి, ఒక చిన్న శిక్షణ పూర్తిచేసి, 90 రోజులపాటు అదే నియమాన్ని మళ్ళీ అతిక్రమించకపోతే ఆ హెచ్చరిక తొలగిపోతుంది.

మొదటి స్ట్రైకు వస్తే ఒక వారం, 90 రోజులలోపు రెండవది వస్తే రెండు వారాలు కొత్త వీడియోలు ఎక్కించడానికి వీలుండదు. మూడవదానితో ఛానల్ రద్దవుతుంది. ప్రతి స్ట్రైకుకు విడిగా 90 రోజుల గడువు ఉంటుంది. వీడియోను తొలగించినా స్ట్రైకు పోదు.

ఉదాహరణకు వేములవాడలోని ఒక ఛానల్‌కు 2025 జనవరి 1న, ఫిబ్రవరి 10న స్ట్రైకులు వచ్చాయనుకుంటే, మార్చి 25న మూడవది వస్తే ఛానల్ రద్దవుతుంది. అదే ఏప్రిల్ 5న వస్తే, మొదటిదాని గడువు అప్పటికే తీరినందున ఛానల్ నిలుస్తుంది.

స్ట్రైకుపై 90 రోజులలోపు, రద్దుపై సంవత్సరంలోపు అప్పీలు చేసుకోవచ్చు. రద్దుపై అప్పీలు నెగ్గితే ఛానల్ పునరుద్ధరింపబడుతుంది.