సంక్రాంతికి ఎంత బెల్లం? ఒక లెక్క పుట్టుపూర్వోత్తరాలు

ధనుర్మాసం మొదలయ్యేసరికి అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో మనిషి పక్కకు తిరగడానికి చోటుండదు. చుట్టుపక్కల ఊళ్లలో గానుగలు జోరు మీదుంటాయి. కళాసీలు దిమ్మలు దించుతూనే ఉంటారు. బజారులో చిల్లర కొట్టు ముందు నిలబడ్డ అమ్మ దిమ్మ అంచు గోటితో గిల్లి నోట్లో వేసుకుని, "అరిసెలకి బాబూ, పాకం బాగా రావాల" అంటుంది. ఆమె అడిగింది రెండు కిలోలే. అలాంటి అమ్మలు ఈ ఏడు ఎంతమంది వస్తారన్నది మాత్రం కొట్టువాడు డిసెంబరులోనే తేల్చుకోవాలి. తక్కువ తెస్తే భోగి ముందురోజు ఖాళీ గోనెలు చూపించాలి. ఎక్కువ తెస్తే మిగిలిన దిమ్మ రోజురోజుకూ నల్లబడి, వానలు పడేనాటికి చెమ్మ పట్టి నీరు కారుతుంది.

ఈ తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. ఇప్పుడది ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ క్షణంలో అయిపోతుంది గానీ, దాని ముక్కలు నాలుగు వేర్వేరు చోట్ల, నాలుగు వేర్వేరు అవసరాలకు పుట్టాయి. వాటిలో రెండింటికి పండుగతో సంబంధమే లేదు. ఆ సంగతి తెలిస్తే, అవి పండుగ ముందు ఎందుకు తడబడతాయో తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి ముక్క మూవింగ్ యావరేజ్, జరుగుతూ పోయే సగటు. గత మూడు నెలల అమ్మకం కూడి మూడుతో భాగించడం, నెల మారగానే పాతది ఒకటి వదిలి కొత్తది ఒకటి కలుపుకోవడం. 1833 నాటి ఇంగ్లండ్ బ్యాంకు చట్టంలోనే దీని పోలిక కనిపిస్తుంది. బ్యాంకు నిల్వలను ఏ రోజుకారోజు బయటపెట్టకుండా, గడిచిన మూడు నెలల సగటును నెలనెలా గెజిట్‌లో ప్రకటించాలన్నారు. ఒక్క వారంలో బంగారం తగ్గితే జనం బెదరకూడదు కదా. 1884లో భౌతికశాస్త్రవేత్త జాన్ హెన్రీ పాయింటింగ్ గోధుమ ధరల మీద, పత్తి, పట్టు దిగుమతుల మీద ఇలాంటి సగటే వేశాడు. ఏటేటా వచ్చే ఎగుడుదిగుళ్లను అణిచి, అడుగున ఉన్న పెద్ద కదలికను చూడాలన్నది ఆయన కోరిక. రెండు చోట్లా సగటు చేసిన పని ఒకటే, ఉన్నట్టుండి లేచిన ఎత్తును కనపడకుండా చేయడం. మన కొట్టువాడికి కావలసింది సరిగ్గా ఆ ఎత్తే.

లెక్క కోసం ఒక చిల్లర కొట్టును ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే. అక్టోబరులో 400 కిలోలు, నవంబరులో 420, డిసెంబరులో 440 అమ్మాడు. మూడు నెలల సగటు 420, జనవరికి అంచనా అదే. జనవరిలో అసలు అమ్మకం 1,250. ఇక ఫిబ్రవరి అంచనా 420, 440, 1,250ల సగటు, అంటే 703. ఫిబ్రవరిలో అమ్ముడైంది 430. పండక్కి ముందు సరుకు చాలలేదు, పండుగ వెళ్లాక మిగిలిపోయింది. ఆ 1,250 మూడు నెలలు సగటులో కూర్చుని, ప్రతి నెలా లెక్కను పైకి లాగుతూనే ఉంటుంది. అంచనా పండుగ ముందు ప్రతిసారీ తక్కువగా, వెనక ప్రతిసారీ ఎక్కువగా వస్తోందంటే, లెక్కలో పండుగకు చోటే లేదని తెలుసుకోవచ్చు.

దీనికి విరుగుడు 1920ల్లో అమెరికాలో కుదిరింది. ఆర్థిక లెక్కల మీద పనిచేసిన ఫ్రెడరిక్ మెకాలే సగటును అంచనాగా వాడటం మాని, కొలబద్దగా వాడాడు. పన్నెండు నెలల సగటు తీస్తే ఏడాదిలోని అన్ని పండుగలూ అందులో ఒక్కసారే వస్తాయి కాబట్టి అది నిలకడగా ఉంటుంది. ఒక్కో నెల అమ్మకాన్ని ఆ సగటుతో భాగిస్తే, ఆ నెల మామూలుకు ఎన్ని రెట్లో తెలుస్తుంది. మన కొట్టుకు ఏడాది సగటు నెలకు 500 కిలోలనుకుంటే, జనవరి 1,250 అంటే రెండున్నర రెట్లు. అంతకు ముందు రెండు సంక్రాంతులకు 2.4, 2.6 వచ్చాయనుకుందాం. మూడింటి సగటు 2.5. ఇదే సీజన్ సూచిక. వచ్చే జనవరికి నెల సగటు 520కి చేరేలా ఉంటే, 520ని 2.5తో హెచ్చవేసి 1,300 కిలోలు తెప్పించుకోవాలి.

ఇక్కడ చేతిలో కాగితం ఉన్నవాడికి ఒక చిక్కు ఎదురవుతుంది. జనవరి నడిమధ్యన ఉండేలా పన్నెండు నెలల సగటు తీయాలంటే, ముందటి జులైలో సగం, తర్వాతి పదకొండు నెలలు, ఆపైన వచ్చే జులైలో సగం కలపాలి. అంటే ఈ సంక్రాంతి సూచిక సరిగ్గా తేలేది ఎండాకాలం దాటాకే. వచ్చే సంక్రాంతికి పనికొస్తుంది, నిజమే. కానీ ఫిబ్రవరిలోనే ఉగాదికి సరుకు చూసుకోవలసిన వాడు అంతదాకా ఆగలేడు.

రోజు గడిచేకొద్దీ తనను తాను దిద్దుకునే లెక్క సముద్రం మీద పుట్టింది. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, రాబర్ట్ జి. బ్రౌన్ అమెరికా నౌకాదళానికి పనిచేస్తున్నాడు. నీటి అడుగున దాగిన జలాంతర్గామి ఎంత వేగంతో, ఎటు పోతోందో అంచనా కట్టి, దాని ముందుకు బాంబు జారవిడవాలి. వచ్చే ప్రతి కొలతలోనూ కొంత తప్పుంటుంది. కొత్త కొలతను పూర్తిగా నమ్మితే గురి ఊగిసలాడుతుంది, అసలు నమ్మకపోతే ఓడ దాటిపోతుంది. ఆయన దారి, పాత అంచనాను ఉంచుకుని, తప్పిన మేరలో కొంత భాగం మాత్రం దానికి కలపడం. అదే ఎక్స్‌పోనెన్షియల్ స్మూతింగ్:

కొత్త అంచనా = పాత అంచనా + ఆల్ఫా × (అసలు అమ్మకం − పాత అంచనా)

ఆల్ఫా సున్నాకూ ఒకటికీ మధ్య అంకె. 0.2 అనుకుంటే, నిన్నటి నెలకు నూటికి 20 పాళ్లు, మొన్నటిదానికి 16, ఆ ముందుదానికి 12.8, ఇలా పాతబడేకొద్దీ బరువు తగ్గుతుంది. మూడు నెలల సగటులో పాత నెల ఒక్కసారిగా రాలిపోతుంది, ఇక్కడ మెల్లగా వాడిపోతుంది. 1950ల మొదట్లో బ్రౌన్ ఈ లెక్కనే నౌకాదళ గిడ్డంగుల్లో విడిభాగాల అవసరం కట్టడానికి తిప్పాడు. 1959లో దాని మీద పుస్తకం వచ్చింది. వేలాది విడిభాగాలకు ఏళ్ల తరబడి అమ్మకాలు రాసి పెట్టుకునే పని తప్పింది. ఒక్కో వస్తువుకు ఒక్క అంకె గుర్తుంటే చాలు. కంప్యూటరు జ్ఞాపకశక్తి ప్రియంగా ఉన్న రోజుల్లో అదే దీన్ని నిలబెట్టింది. గల్లాపెట్టె పక్కన చిన్న పుస్తకం తప్ప మరేమీ లేని కొట్టుకూ ఆ గుణమే పనికొస్తుంది.

అయితే జలాంతర్గామికి సంక్రాంతి లేదు. మన అంకెలే దీనిలో పెడితే, పాత అంచనా 420, జనవరి అమ్మకం 1,250. తప్పిన 830లో ఐదో వంతు 166 కలిపితే ఫిబ్రవరి అంచనా 586. అమ్మింది 430, మార్చికి అంచనా 555. పండుగ ముగిసి రెండు నెలలు దాటుతున్నా లెక్క ఇంకా అరిసెలు వండుతూనే ఉంది.

ఈ రెండు దారులనూ కలిపింది పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సంస్థలో చార్లెస్ హోల్ట్. 1957లో నౌకాదళ పరిశోధన విభాగానికి రాసిన పత్రంలో, పెరుగుదలనూ సీజన్‌నూ విడివిడిగా దిద్దుకుంటూ పోయే పద్ధతి పెట్టాడు. ఆయన విద్యార్థి పీటర్ వింటర్స్ 1960లో దాన్ని నిజమైన అమ్మకాల మీద పరీక్షించాడు. హోల్ట్-వింటర్స్ అని పేరు పడింది అందుకే. చేసేది ఒకటే. అమ్మకాన్ని ముందు సీజన్ సూచికతో భాగించి పండుగ వేషం విప్పేస్తుంది, ఆ తర్వాతే దిద్దుతుంది. మరుసటి జనవరిలో 1,375 కిలోలు అమ్మారనుకోండి. 2.5తో భాగిస్తే 550. పాత మట్టం 500, తేడాలో ఐదో వంతు 10, కొత్త మట్టం 510. ఫిబ్రవరి సూచిక 0.86 అనుకుంటే, ఆ నెలకు అంచనా 439. మునుపటి 703, 586ల పక్కన ఇది పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. సూచికనూ అలాగే కొద్దిగా సవరిస్తుంది. 1,375ని 510తో భాగిస్తే దాదాపు 2.7, పాత 2.5కు తేడాలో మూడు పదో వంతులు కలిపితే 2.56.

ఈ సూచిక సవరణ ఏడాదికి ఒక్కసారే జరుగుతుందని మరవకూడదు. మూడేళ్ల పుస్తకం ఉందంటే నెలలు ముప్ఫై ఆరే గానీ, సంక్రాంతులు మూడే. తుఫానుతోనో మరో కారణంతోనో ఒక ఏడు చెడితే, ఆ ఒక్కటే మూడో వంతు బరువు తూగుతుంది. అలాంటి ఏడాదిని ఎర్రసిరాతో గుర్తుపెట్టి సూచికలోంచి తీసేయడమే నాకు సబబు అనిపిస్తుంది.

ఇక నాలుగో ముక్క, మన పంచాంగానిది. సంక్రాంతి సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది కాబట్టి జనవరి 14, 15 తేదీలు దాటిపోదు. ఉగాది అలా కాదు. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. 2027లో మళ్లీ ఏప్రిల్ 7. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టి, అధికమాసం వచ్చిన తర్వాత పండుగ మళ్లీ ఆలస్యంగా వస్తుంది. అనకాపల్లిలో ఉగాది ముందురోజు కొత్త అమావాస్యకు నూకాంబిక అమ్మవారి జాతర, ఆ మర్నాడే ఉగాది పచ్చడి. ఆ వారం బెల్లం బేరం 2024లో ఏప్రిల్ లెక్కలో పడింది, తర్వాతి రెండేళ్లూ మార్చిలో పడింది. మార్చికొక సూచిక, ఏప్రిల్‌కొక సూచిక కట్టి 2027కు వాడితే మార్చిలో సరుకు మిగిలి, ఏప్రిల్ మొదటి వారంలో చాలదు. క్రైస్తవ దేశాల్లో ఈస్టర్ కూడా ఇలాగే జరుగుతుంది కనుక, వాళ్ల గణాంకశాఖలు దానికి విడిగా సవరణ వేస్తాయి.

మనకు సులువైన దారి తేదీ మానేసి తిథి పట్టుకోవడం. పుస్తకంలో నెల పేరు బదులు 'అమావాస్యకు 7 రోజుల ముందు', '6 రోజుల ముందు' అని వరసలు గీసి, ఏ ఏడాది అమ్మకమైనా ఆ వరసలో రాస్తే, మూడు ఉగాదులూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. వినాయక చవితికీ అంతే. బెల్లానికి ఇంకో విచిత్రమూ ఉంది. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరలో భక్తులు నిలువెత్తు 'బంగారం' ఇస్తారు, ఆ బంగారం బెల్లమే. జాతర రెండేళ్లకోసారి. 2024 ఫిబ్రవరిలో జరిగింది, 2026లో జనవరి చివర్లో. అటు సరుకు పంపే వ్యాపారి పన్నెండు నెలల సూచిక కడితే జాతర ఉన్న ఏడూ లేని ఏడూ కలిసిపోయి రెండింటికీ తప్పే చెబుతుంది. జాతర ఏళ్లను జాతర ఏళ్లతోనే పోల్చాలి.

ఇన్ని దిద్దినా ఒక తప్పు లెక్క లోపలికి దొంగగా వస్తుంది. పుస్తకంలో రాసేది అమ్మకం, అడిగింది కాదు. జనవరి 12 మధ్యాహ్నానికి దిమ్మలు అయిపోతే, 13న అమ్మకం సున్నా. లెక్క ఆ సున్నాను నమ్మి, భోగినాడు బెల్లం ఎవరికీ అక్కర్లేదని నేర్చుకుని, మరుసటి ఏడు ఇంకా తక్కువ చెబుతుంది. దాంతో సరుకు ఇంకా ముందే అయిపోతుంది. అందుకని సరుకు అయిపోయిన గంటను అంకె పక్కనే రాయాలి, ఆ తర్వాత వచ్చి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లకు ఒక్కో గీత గీయాలి. 13న పదిహేను గీతలు, తలా రెండు కిలోలు అంటే ముప్ఫై కిలోలు. సగటు వేసేటప్పుడు 13వ తేదీ గడిలో ఉండాల్సింది ఆ ముప్ఫై.