మూడు రెట్ల ఫండ్లు ఊగిసలాట మార్కెట్లో ఎందుకు కరుగుతాయి?

అమెరికాలో ఉన్న మన పిల్లల నోట TQQQ, SQQQ అన్న పేర్లు వింటుంటాం. నాస్‌డాక్ 100 సూచీ ఒక రోజు ఎంత కదిలితే మొదటిది దానికి మూడు రెట్లు, రెండోది మూడు రెట్లు ఎదురుగా కదలాలని 2010లో పెట్టిన ఫండ్లివి. కీలకం ‘ఒక రోజు’ అన్న మాటలోనే ఉంది.

సూచీ 100 నుంచి 110కి పెరిగి, మర్నాడు మళ్లీ 100కే వచ్చిందనుకుందాం. మొదటి ఫండులో మన 100 రూపాయలు 130 అవుతాయి. మూడు రెట్లు నిలబెట్టాలంటే ఆ సాయంత్రమే, పెరిగిన ధరకు, ఫండు ఇంకా కొనాలి. మర్నాడు సూచీ 9.09 శాతం పడితే ఫండు 27.27 శాతం పడుతుంది, మిగిలేది 94.55. అప్పుడు తగ్గిన ధరకు అమ్మాలి. ఎదురు ఫండు 70కి పడి, 89.09కి లేస్తుంది. సూచీ కదలనట్టే ఉంది, రెండు వైపులా నష్టమే! ఇలా అయిదుసార్లు ఊగితే మిగిలేవి సుమారు 75.5, 56.

రోజువారీ ఊపు ఇంత పెద్దది కాకపోతే అరుగుదల నెమ్మదిస్తుంది, ఆగదు. ఆగకుండా ఒకే దిశలో సాగే మార్కెట్లో మాత్రం ఇదే లెక్క లాభం చేస్తుంది. కానీ అది ముందుగా ఎవరికి తెలుసు? అందుకే ఒక రోజుకు మించి ఉంచుకునే మామూలు మదుపరులకు ఇవి సాధారణంగా తగవని, ముఖ్యంగా ఒడిదుడుకుల మార్కెట్లో, అమెరికా బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా 2009 జూన్‌లోనే చెప్పింది.