చర్యా పరిశోధన రికార్డుల్లోకి చేరిన దారి

డి.ఎడ్., బి.ఎడ్. చదివే ఛాత్రోపాధ్యాయుల చర్యా పరిశోధన రికార్డుల్లో రెండు అంశాలు పదేపదే కనిపిస్తాయి: పిల్లలు ధారాళంగా చదవలేకపోవడం, తరగతిలో నోరు విప్పకపోవడం. రెండూ నిజమైన సమస్యలే. అయితే ఈ పద్ధతి పుట్టినప్పుడు దానికి బడితో పెద్దగా పని లేదు.

హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి అమెరికా చేరిన మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో అల్పసంఖ్యాకుల సమస్యల మీద ఒక వ్యాసం రాశాడు. పథకం వేయడం, అమలు చేయడం, ఏం జరిగిందో చూడడం, చూసినదాన్ని బట్టి పథకాన్ని మార్చి మళ్లీ మొదలుపెట్టడం అనే వరుసను ఆయన అందులో చూపించాడు. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీకి చెందిన స్టీఫెన్ కోరీ 1953లో దాని మీద పుస్తకం రాసి బడుల్లోకి తెచ్చాడు. ఉపాధ్యాయులు చేసేది శాస్త్రీయ పరిశోధన కాదని పండితులు విమర్శించారు. అమెరికాలో ఆ ఉత్సాహం కొద్ది ఏళ్లలోనే తగ్గింది.

దానికి మళ్లీ ప్రాణం పోసింది ఇంగ్లండు. లారెన్స్ స్టెన్‌హౌస్ నడిపిన హ్యుమానిటీస్ పాఠ్యప్రణాళికలో పెద్దపిల్లలు యుద్ధం, పేదరికం వంటి విషయాల మీద చర్చించాలి, మాస్టారు తన అభిప్రాయం చెప్పకుండా చర్చ నడపాలి. తరగతిలో పాలుపంచుకోవడం అనే ప్రశ్న అక్కడ సూటిగా ముందుకొచ్చింది. ఆయనతో పనిచేసిన జాన్ ఇలియట్ తర్వాత ఫోర్డ్ ప్రాజెక్టులో ఉపాధ్యాయుడి మాట, పిల్లల మాట, బయటి పరిశీలకుడి మాట పక్కపక్కన పెట్టి చూశాడు. చర్చ మధ్యలో మాస్టారు “అందరూ ఒప్పుకుంటారా?” అని అడిగితే, వేరే అభిప్రాయం వద్దంటున్నారని పిల్లలు అర్థం చేసుకుంటున్నారు. వాళ్ల మౌనానికి కారణం పిల్లల్లో ఉందనుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. ఈ పద్ధతి మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే: కారణం వెతకడాన్ని ఉపాధ్యాయుడు తన బోధన నుంచే మొదలుపెట్టడం.

మన దేశంలో 1986 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన డైట్‌ల పనుల్లో చర్యా పరిశోధన కూడా చేరింది. 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సై, బడిలో గడిపే కాలం 20 వారాలకు పెరిగింది. సమయం దొరికింది కానీ, రికార్డు మాత్రం చాలాచోట్ల పూర్వ పరీక్ష, ఉత్తర పరీక్ష, సగటు పెరిగిందన్న ఒక్క వాక్యం దగ్గరే ఆగింది. లెవిన్ చెప్పిన రెండో చుట్టు అందులో ఉండదు.

అసలు పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. మూడో తరగతిలో కొందరు గుణింతాల దాకా బాగా చదివి, ఒత్తు వచ్చేసరికి తడబడుతున్నారనుకోండి. “పఠన సామర్థ్యం” అంటే అంశం మరీ పెద్దదైపోతుంది. ముందు ఒక్కొక్కరి చేతా విడిగా ఇరవై మాటలు చదివించి, పిల్లవాడు పలికింది పలికినట్టే రాసుకోవాలి. పదింటిలో ట, జ, బ లాగా అక్షరం రూపమే నిలిచే ఒత్తులు, పదింటిలో త, న, మ, య, ర, ల లాగా రూపం మారే ఒత్తులు ఉండాలి. “గజ్జెలు”, “డబ్బా” సరిగ్గా చదివినవాడు “కత్తి”ని “కతి” అన్నాడంటే వాడికి ఒత్తు అంటే ఏమిటో తెలుసు, ఆ గుర్తే తెలియదు. రెండు రకాల్లోనూ ఒత్తు వదిలేసేవాడి సంగతి వేరు, వాడికి ఒత్తు పలకాలన్న సంగతే ఇంకా అందలేదు. “అమ్మ” సరిగ్గా చదివాడని మురిసిపోకూడదు, ఆ మాట చాలామందికి బొమ్మలా గుర్తుంటుంది.

ఇప్పుడు అంశం తేలింది: రూపం మారే ఒత్తులను గుర్తించడం. రెండు వారాలపాటు రోజూ పావుగంట ఒక్కో ఒత్తు తీసుకుని, అక్షరాన్నీ ఒత్తునూ జతగా చూపి, మాటలు చదివించి రాయించవచ్చు. చివర్లో మళ్లీ పాత ఇరవై మాటలే ఇస్తే పిల్లలు వాటిని కంఠస్థం చేసిన సంగతే తెలుస్తుంది. కొత్త మాటలు ఇవ్వాలి, వాటితోపాటు అర్థం లేని “మత్తురి” వంటి కూర్పులు రెండు మూడు కలపాలి. వాటినీ చదివితే గుర్తు వచ్చినట్టే. నేర్పని ఒత్తులు కూడా కొన్ని పరీక్షలో ఉంచితే, పెరుగుదల మీ బోధన వల్లనా, రోజువారీ పాఠాల వల్లనా అన్నది కొంతైనా తెలుస్తుంది. ఇంకా రానివాళ్ల తప్పుల జాబితాతో రెండో చుట్టు మొదలవుతుంది.

పర్యవేక్షకులకు ఒక మనవి. ఉత్తర పరీక్షలో సగటు పెరగలేదని ఏ రికార్డుకూ మార్కులు తగ్గించకండి. పిల్లలు పలికిన తప్పులు ఉన్నవున్నట్టు రాసి, రెండోసారి ఏం మార్చారో చెప్పిన రికార్డుకే ఎక్కువ మార్కులు ఇవ్వండి.