కోట దక్కితే చాలదు: అర్థశాస్త్రం వేసిన యుద్ధం లెక్క

మైసూరులో ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ముందునుంచి మనలో చాలామంది వెళ్ళే ఉంటారు. 1905లో తంజావూరు వైపు పండితుడొకరు ఇచ్చిన తాళపత్రాల్లో ఆ గ్రంథాలయంలోని శామశాస్త్రిగారికి కౌటిల్యుని అర్థశాస్త్రం కనబడింది. 1909లో ఆయనే దాన్ని అచ్చు వేయించారు. మోసాలు నేర్పే పుస్తకమని దానికొక పేరుంది. మోసం ఎందుకో తెలియాలంటే ముందు అందులోని లెక్క చూడాలి.

సంధికీ యుద్ధానికీ లాభం ఒకటే అయితే సంధే మేలంటాడు కౌటిల్యుడు. యుద్ధమంటే క్షయం, వ్యయం, ఇల్లు వదిలి దూరాన ఉండటం, దారిలో వచ్చే కష్టాలు. క్షయమంటే మనుషులు, బండ్లు లాగే పశువులు తగ్గిపోవడం. వ్యయమంటే బంగారం, ధాన్యం కరిగిపోవడం. ఇవి పోగా మిగిలిందే లాభం.

ఒక కోటను పట్టుకోవాలనుకుందాం. దానికి ఆయన ఐదు దారులు చెప్పాడు: లోపలివాళ్ళను తమ రాజు మీదికి తిప్పడం, గూఢచారులను పంపడం, శత్రువును ఉపాయంగా బయటికి రప్పించడం, ముట్టడి, చివరికి దాడి. పోరాడి గెలవగలిగే కోటకు నిప్పు మాత్రం పెట్టొద్దంటాడు. నిప్పు మన చెప్పుచేతల్లో ఉండదు. జనం, ధాన్యం, పశువులు, బంగారం అన్నీ కాలిపోతాయి. అంతా పోయిన రాజ్యం చేతికొచ్చినా నష్టమే. జనం లేకపోతే దేశమే లేదు కదా!

అందుకే యుద్ధం మొదట మనసుల్లో నడుస్తుంది. సొరంగంలోంచి వచ్చిన గూఢచారి గుడిలో దేవుడిలా రాజుతో మాట్లాడతాడు. పావురం తెచ్చిన ముద్ర వేసిన ఉత్తరం చూసుకుని, దూరదేశపు వార్తను రాజు ఆ రోజే చెప్పేస్తాడు. ఈ రాజుకు తెలియనిది లేదని తనవాళ్ళకు ధైర్యం, ఎదుటివాళ్ళకు భయం.

తప్పక పోరాడాల్సి వచ్చినప్పుడు, నేనూ మీలాగే జీతగాడినే, ఈ రాజ్యం మనందరం కలిసి అనుభవించాల్సిందేనని రాజు సైనికులతో చెప్పాలట. మందులు, నూనెలు, కట్టుగుడ్డలతో వైద్యులు, అన్నపానాలతో స్త్రీలు సైన్యం వెనకే నిలబడాలి. దెబ్బ తగిలితే చూసేవాళ్ళున్నారని తెలిసినవాడు తొందరగా వెనక్కి తిరగడు.

శత్రువు మనసునీ ఆయన ఇలాగే లెక్కేశాడు. ఓడి చెదిరిన సైన్యాన్ని మరీ తరమకూడదు. ప్రాణం మీద ఆశ వదులుకుని తిరగబడేవాడి వేగాన్ని ఎవరూ ఆపలేరు. గెలిచిన యుద్ధంలో కూడా అక్కడ క్షయం మళ్ళీ మొదలవుతుంది.

అలాగని ఎప్పుడూ మోసమే చేయమని లేదు. బలం ఎక్కువగా ఉండి, శత్రువుల్లో చీలిక తెచ్చి, నేల కూడా అనుకూలిస్తే నేరుగా పోరాడమన్నాడు. అవి లేనప్పుడే కూటయుద్ధం.