రూపాయికి అణా: జీతంలో కోతల కథ

1952 నాటి ఎంప్లాయీస్ ప్రావిడెంట్ ఫండ్స్ చట్టంలో కార్మికుడి వాటా ఎంతో తెలుసా? ఆరుంపావు శాతం. ఐదూ కాదు, ఆరూ కాదు, 6.25. మొదటిసారి చదివినప్పుడు ఇంత వంకర అంకె ఎవరు ఎంచుకున్నారా అనిపించింది. అప్పటి నాణేలు గుర్తొచ్చాక ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. రూపాయికి పదహారు అణాలు. వందను పదహారుతో భాగిస్తే 6.25. అంటే ఆ కోత అచ్చంగా రూపాయికి ఒక అణా! నెలకు 80 రూపాయలు తెచ్చుకునే మిల్లు కార్మికుడు 80 అణాలు, అంటే ఐదు రూపాయలు, తన ఖాతాలో వేసుకునేవాడు. యజమాని మరో ఐదు కలిపేవాడు. బడి మొహం చూడని మనిషి కూడా గుమస్తాను అడగకుండా ఆ లెక్క సరిచూసుకోగలడు. మొదట్లో ఈ చట్టం సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు అనే ఆరు పరిశ్రమలకే, అదీ నెలకు 300 రూపాయల లోపు జీతగాళ్లకే వర్తించింది.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి, అణా పోయింది. ఆ తర్వాత వాటా పెరుగుతూ వచ్చి 1997లో 12 శాతం దగ్గర నిలిచింది. పాత లెక్కల ఆనవాలు ఒక్కచోట మిగిలింది. యజమాని వాటాలోంచి పెన్షన్ పథకానికి వెళ్లేది 8.33 శాతం, అంటే పన్నెండో వంతు. ఏడాదికి ఒక నెల జీతమన్నమాట. దశాంశాల్లో రాసేసరికి ఆ సంగతి కనబడకుండా పోయింది. మనిషి తన జీతాన్ని మనసులోనే కొలుచుకునే వీలు అలా జారిపోయిందని నాకు నిజంగా బాధ.

ఆదాయపు పన్ను కూడా ఒకప్పుడు ఇదే భాష మాట్లాడేది. 1886 చట్టంలో ఏడాదికి 500 నుంచి 2,000 రూపాయల లోపు జీతం ఉంటే రూపాయికి నాలుగు పైలు, 2,000 అంతకు మించితే ఐదు పైలు. అణాకు పన్నెండు పైలు. నెలకు వంద తెచ్చుకునే ఉద్యోగికి నెల పన్ను 2 రూపాయల 1 అణా 4 పైలు అయ్యేది. ప్రభుత్వోద్యోగికి జీతం ఇచ్చేటప్పుడే దాన్ని పట్టుకునేవారు. ఇవాళ మనం టీడీఎస్ అనేది ఆ అలవాటు పొడిగింపే.

అంతకు ముందు కథ ఇంకా రంజుగా ఉంటుంది. 1857 తిరుగుబాటు ఖర్చులతో ఖజానా ఖాళీ అయితే, ఎకానమిస్ట్ పత్రిక స్థాపకుడు జేమ్స్ విల్సన్‌ను లండన్ నుంచి కలకత్తాకు పంపారు. 1860 ఫిబ్రవరిలో ఆయన ఆదాయపు పన్ను ప్రతిపాదించాడు. ఏడాదికి 200 రూపాయలు దాటితే రెండు శాతం, 500 దాటితే నాలుగు. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. దాని గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యాన్‌కు ఈ పన్ను ససేమిరా నచ్చలేదు. కొత్త పన్ను వెయ్యడం కాదు, సైన్యం ఖర్చు తగ్గించుకోండి అన్నాడు. అది లోపాయికారీగా అని ఊరుకుంటే సరిపోయేది. తన అభ్యంతరాలను పత్రికలకెక్కించాడు! గవర్నరు స్వయంగా పన్ను వద్దని బహిరంగంగా చెప్పడమంటే ఆ రోజుల్లో పిడుగు పడ్డట్టే. అతణ్ని వెనక్కి పిలిపించారు. ఆగస్టులో విల్సన్ కలకత్తాలో విరేచనాల జబ్బుతో కన్నుమూశాడు. పన్ను మాత్రం బతికింది. కొన్నాళ్లకు ట్రెవెల్యాన్ ఆర్థిక సభ్యుడిగా తిరిగి వచ్చాడు. 1865లో గడువు ముగిసిన ఆ పన్నును మళ్లీ పొడిగించలేదు. గవర్నరుగిరీ పోగొట్టుకున్న మనిషికి ఇంతకన్నా తృప్తి ఏముంటుంది! ఆ తర్వాత ఇరవయ్యేళ్లు పన్ను వస్తూ పోతూ ఉండి, 1886లో స్థిరపడింది.

మూడో కోత వృత్తి పన్ను. దీనికి వంశం చాలా పాతది. మంగలి కొండోజు పనితనానికి మెచ్చి అళియ రామరాయలు మంగలుల మీద పన్నులు ఎత్తివేసిన సంగతి విజయనగర కాలపు శాసనాల్లో ఉంది. ఆధునిక కాలంలో దీని తగాదా వేరు. ఆదాయపు పన్ను కేంద్రానిది, వృత్తుల మీద పన్ను రాష్ట్రాలది. 1939లో సంయుక్త పరగణాల ప్రభుత్వం జీతాల మీద గట్టి పన్ను తలపెడితే, లండన్ పార్లమెంటు అడ్డుపడి ఏడాదికి 50 రూపాయలకు మించకూడదని గీత గీసింది. రాజ్యాంగం 276వ అధికరణం దాన్ని 250 చేసింది. 1988 సవరణ 2,500 చేసింది. ఆపైన ఎవరూ ముట్టుకోలేదు. అందుకే మన రెండు రాష్ట్రాల్లో నెలకు 20,000 దాటినవాడికీ, ఐదు లక్షలవాడికీ ఒకటే 200. ఏడాదికి 2,400. మహారాష్ట్ర ఫిబ్రవరిలో 300 తీసుకుని గీతను సరిగ్గా తాకుతుంది.

ఇప్పుడు ఒక పే స్లిప్ చూద్దాం. హైదరాబాదులో ఒకామెకు నెలకు స్థూల జీతం 1,20,000, అందులో బేసిక్ 60,000 అనుకోండి. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ 12 శాతం, అంటే 7,200. కొన్ని సంస్థలు చట్టం చెప్పే 15,000 మీదే లెక్కగట్టి 1,800 మాత్రం పట్టుకుంటాయి. చేతికొచ్చేదాంట్లో పెద్ద తేడా తెచ్చేది ఇదే. వృత్తి పన్ను 200. ఇక ఆదాయపు పన్ను నెల లెక్క కాదు, ఏడాది లెక్క. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త పద్ధతి స్లాబుల ప్రకారం 14,40,000 నుంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 13,65,000. మొదటి నాలుగు లక్షలకు ఏమీ లేదు. తర్వాతి నాలుగింటికి ఐదు శాతం, అంటే 20,000. ఆపై నాలుగింటికి పది శాతం, 40,000. మిగిలిన 1,65,000కి పదిహేను శాతం, 24,750. మొత్తం 84,750, దాని మీద నాలుగు శాతం సెస్సు 3,390. వెరసి 88,140, నెలకు 7,345. మూడు కోతలూ కలిపి 14,745. చేతికి 1,05,255. ఈ పద్ధతిలో పీఎఫ్‌లో వేసుకున్న డబ్బుకూ, వృత్తి పన్నుకూ మినహాయింపు లేదు.

ఆమె అక్టోబరు 1న అదే జీతానికి ఇంకో కంపెనీలో చేరిందనుకోండి. పాత జీతం వివరాలు కొత్తచోట ఇవ్వలేదు. కొత్త యజమానికి కనబడేది ఆరు నెలల 7,20,000 మాత్రమే. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 6,45,000. పన్నెండు లక్షల లోపు కాబట్టి రిబేటు వర్తించి పన్ను సున్నా. చేతికి 1,12,600 వస్తుంటే కొత్త ఉద్యోగం బాగుందనుకుంటుంది. పాత కంపెనీ కట్టింది ఆరు నెలల 44,070. మరో 44,070 బాకీ రిటర్ను వేసేటప్పుడు వడ్డీతో సహా బయటపడుతుంది. కొత్తచోట మొదటి పే స్లిప్పులో ఆదాయపు పన్ను గడి ఖాళీగా కనిపిస్తే ఆ నెలలోనే పాత జీతం, కోసిన పన్ను వివరాలు అకౌంట్స్ విభాగానికి రాసివ్వాలి. అప్పుడు మిగిలిన బాకీని మార్చి దాకా ఉన్న నెలలకు సమంగా పంచి కోస్తారు.