పెద్ద పని ముందు: ఒక సూత్రం, దాని కొలబద్ద

చేతిలో ఉన్న పనుల్లో పెద్దవాటిని ముందు యంత్రాలకెక్కించి, చిన్నవాటిని చివర్లో సర్దుకోవాలన్నది వర్క్‌షాపులో ఎవరికైనా తోచే ఉపాయమే. దాన్ని నమ్ముకుంటే అన్ని పనులూ ముగిసే సమయం, అంటే మేక్‌స్పాన్, మహా అయితే ఎంత పెరుగుతుందో లెక్క తేల్చినవారు బెల్ ల్యాబ్స్ గణితవేత్త రొనాల్డ్ గ్రాహం.

కొలబద్ద అంతకుముందే ఉంది. పనిని మధ్యలో ఆపి వేరే యంత్రం మీద కొనసాగించే వీలుంటే ఎప్పటికి ముగించవచ్చో 1959లో రాబర్ట్ మెక్‌నాటన్ చూపారు. మొత్తం పనిని యంత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు ఒకటి, అన్నిటికన్నా పొడవైన పని ఒకటి. రెండిట్లో ఏది పెద్దదైతే అదే సమాధానం. ఆపే వీలు లేనప్పుడు అంతకన్నా ముందు ముగించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి అది దిగువ హద్దు.

యంత్రం ఖాళీ అయినప్పుడల్లా జాబితాలోని తర్వాతి పనిని ఇస్తూ పోతే, వరస ఎలా ఉన్నా ఫలితం అత్యుత్తమానికి రెట్టింపు కాదని గ్రాహం 1966లో నిరూపించారు. 1969లో అదే జాబితాను పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చి చూస్తే, యంత్రాలు m అయినప్పుడు హద్దు 4/3 − 1/(3m)కు దిగింది.

ఈ హద్దును సరిగ్గా తాకే ఉదాహరణ ఉంది. మూడు యంత్రాలు, 5, 5, 4, 4, 3, 3, 3 గంటల పనులు. మొదట 5, 5, 4 ఎక్కుతాయి. రెండో 4 మూడో యంత్రానికి వెళ్లి అక్కడ 8 అవుతుంది. రెండు 3లు మిగతా రెండిటికీ చేరి అవీ 8 అవుతాయి. చివరి 3 ఎక్కడ పెట్టినా 11. మొత్తం 27 గంటలు గనుక దిగువ హద్దు 9. 5+4, 5+4, 3+3+3గా పంచితే ఆ 9 సాధ్యమే కూడా. 11/9 కన్నా చెడ్డ ఫలితం మూడు యంత్రాల మీద రాదు.

నిరూపణలోని అందమంతా చివరగా ముగిసే పని మీద ఉంది. దానికన్నా చిన్నవి ఫలితాన్ని మార్చవు గనుక వాటిని పక్కన పెట్టేయవచ్చు. ఆ పని అత్యుత్తమ సమయంలో మూడో వంతుకు మించితే, అత్యుత్తమ పంపకంలో ఏ యంత్రానికీ రెండుకు మించి పనులు పట్టవు. అప్పుడు ఈ సూత్రమే అత్యుత్తమాన్ని ఇస్తుంది. మించకపోతే, అది మొదలయ్యే క్షణం దాకా యంత్రాలన్నీ తీరిక లేకుండా నడిచాయి. అంటే అది సగటు సమయం దాటకముందే మొదలైంది. అదనంగా పడేది మూడో వంతులోపే.

అయితే దిగువ హద్దుకూ ఫలితానికీ తేడా కనబడగానే సూత్రాన్ని తప్పుపట్టకూడదు. రెండు యంత్రాల మీద రెండేసి గంటల పనులు మూడుంటే హద్దు 3 అంటుంది, ఫలితం 4 వస్తుంది. ఆ 4 కన్నా మెరుగు లేదు, ఎందుకంటే మూడింటిలో రెండు ఒకే యంత్రం మీద పడక తప్పదు. అందుకే పనులను పెద్దవాటి నుంచి పేర్చి, m-వ పనినీ దాని తర్వాతి పనినీ కూడిన మొత్తాన్ని కూడా హద్దుగా చూడాలి. ఇక్కడ అది సరిగ్గా 4 ఇస్తుంది. పై ఉదాహరణలో మాత్రం 4+4 = 8 మాత్రమే, 9ని దాటదు; అక్కడి రెండు గంటల నష్టం నిజంగా సూత్రానిదే.